రెండో వాయిదా రసీదు

పదో తరగతి పరీక్షలకు ఇంకో వారం ఉందనగా బెజవాడలో మా స్కూలు ఆఫీసు నా చేతికి ఒక చీటీ ఇచ్చింది. హాస్టలు ఫీజు ఇరవై రూపాయలు బాకీ. కట్టకపోతే హాల్ టికెట్టు రాదు. అభ్యంతరముంటే రసీదులు జతచేసి రాసివ్వాలి.

ఆదివారం పామర్రు దగ్గర మా ఊరెళ్ళి చూపిస్తే, నాన్న ట్రంకుపెట్టెలోంచి రసీదులు తీశాడు. మూడు వాయిదాలు, ఒక్కోటీ అరవై. మొదటిదీ మూడోదీ సరిగ్గానే ఉన్నాయి. రెండోదాని మీద మాత్రం నలభై అని ఉంది.

ఆ వాయిదా పక్కింటి బాబాయి చేత పంపాడు. ఆయన కూతురూ నాతోపాటే హాస్టల్లో ఉండేది కాబట్టి రెండు ఫీజులూ ఆయనే కట్టొచ్చాడు. డబ్బు తీసుకెళ్ళిన మనిషి ఎదుట రసీదు విప్పి చూడటం మా ఊళ్ళో పెద్ద అవమానం. నాన్న మడత విప్పకుండానే పెట్టెలో పెట్టేశాడు. ఈ మర్యాదలన్నీ నా పరీక్ష మీదికే వచ్చాయని నాకు ఒళ్ళు మండిపోయింది.

‘అరవై రూపాయలు మా పక్కింటివారి ద్వారా పంపియున్నాను. రసీదులో నలభై అని పొరపాటున పడినది. దయచేసి విచారించి సరిచేయగలరు’ అని నాన్న ఆఫీసుకి రాసి, బాబాయి పేరు కూడా పెట్టాడు. సోమవారం బస్సులో ఆ ఉత్తరం నాన్న జేబులో ఉంది. పొరపాటు ఆఫీసుది కాకపోతే ఏమిటన్న ఆలోచన నాకు అప్పుడొచ్చింది.

గుమాస్తా గారు ఉత్తరం చదివి, రసీదు నెంబరు చూసి, ఆఫీసులో ఉండే కార్బను నకళ్ళ పుస్తకం తెరిచారు.

“ఇదిగోండి, నకల్లోనూ నలభయ్యే. ఆ రోజు ఆయన కట్టింది మొత్తం వందే.”

దాని తర్వాతి నెంబరు బాబాయి కూతురిది. అందులో అరవై పూర్తిగా ఉంది. నాన్న ఆ రెండు కాగితాలూ చాలాసేపు చూశాడు.

“ఆయన్ని పిలిపించమంటారా?”

“వద్దండీ. పొరపాటు నాదే. ఆ ఉత్తరం ఇలా ఇచ్చేయండి.”

ఎరువులకని దాచిన డబ్బులోంచి ఇరవై కట్టాడు. నాలుగో రసీదును మాత్రం అక్కడే నిలబడి రెండుసార్లు చదివాడు. నా హాల్ టికెట్టు చేతికొచ్చింది. వరండాలోకి వచ్చాక ఉత్తరాన్ని చింపేస్తూ, “అడిగితే ఇచ్చేవాణ్ణి గదమ్మా” అన్నాడు.

నాన్న బస్సుకెళ్ళాక హాస్టలు మెట్ల దగ్గర బాబాయి కూతురు నిలబడి ఉంది. నాకు చీటీ వచ్చిన సంగతి నేను తనకు చెప్పనేలేదు.

“ఉత్తరంలో మా నాన్న పేరు రాశారా?” అంది.

“లేదు” అన్నాను.

తను మెట్ల మీద కూలబడి ఏడ్చింది. తిట్టడానికీ, దగ్గరికి తీసుకోడానికీ కూడా నాకు ధైర్యం చాల్లేదు.