అమ్మ పేరు ఏ పక్కన?

చెల్లెలి పెళ్లికార్డు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కార్డు తెరిస్తే ఎడమ పక్క తెలుగు, కుడి పక్క ఇంగ్లీషు. పెళ్లికొడుకుది నాగర్‌కర్నూల్, ఉద్యోగం హైదరాబాదులో. అతని ఆఫీసు వాళ్ల కోసం ఇంగ్లీషు పేజీ కావాలన్నారు. వనపర్తిలో బడి పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి రెండు పేజీలూ నేనే రాశాను. శ్రీరస్తు, శుభమస్తు నుంచి మదర్పిత చందన తాంబూలాల దాకా ఏదీ వదల్లేదు. నాన్న పేరు ముందు కీర్తిశేషులు అని పెట్టాను. ఆహ్వానించువారు అన్నచోట అమ్మ పేరు, దాని కింద పెదనాన్న, పెద్దమ్మల పేర్లు రాశాను. పీటల మీద కూర్చుని కన్యాదానం చేసేది వాళ్లే, వాళ్ల పేర్లు ఉండడం న్యాయమే.

అచ్చు పని గద్వాలలో, పెదనాన్న ఉండే వీధిలోని దుకాణానికి ఇచ్చాం. ప్రూఫు నా ఫోన్‌కి వచ్చింది. తెలుగు పేజీలో ఆహ్వానించేది పెదనాన్న దంపతులు మాత్రమే. చెల్లెలు "మా తమ్ముడు కీ.శే. ఫలానా గారి కనిష్ఠ పుత్రిక" అయింది. కన్నతల్లి పేరు ఎక్కడా లేదు. అడుగున బంధుమిత్రుల అభినందనల వరుసలో కూడా లేదు.

అమ్మ ఐదో తరగతి దాకా చదువుకుంది. ఫోన్ తీసుకుని, వేలితో అక్షరాలు పెద్దవి చేసుకుంటూ తెలుగంతా నిదానంగా చదివింది.

"నా పేరు ఏడుందే?" అంది.

కుడి పక్క చూపించాను. ఇంగ్లీషులో ఉంది, నేను రాసినట్టే.

"గిదేనా? గిట్లుంటదా నా పేరు?" అని చాలాసేపు చూసింది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అప్పటికప్పుడు పెదనాన్నకు ఫోన్ చేశాను.

"మగడు లేని ఆడిది పెండ్లికి పిలుస్తదా బిడ్డా? శుభకార్యమది. నాగర్‌కర్నూలోళ్లు ఏమనుకుంటరు? నేనే మార్పిచ్చిన. ఇంగ్లీషుల ఉంచిన గద. పేరైతే ఉంది గద, ఏ పక్కనుంటే ఏంది?"

మా బంధువుల్లో ఇంగ్లీషు పేజీ చదివేవాళ్లు నలుగురైదుగురు ఉంటారేమో. పెదనాన్నకే రాదు. నాన్న పోయాక అమ్మ బడిలో మధ్యాహ్న భోజనం వండి మమ్మల్నిద్దరినీ చదివించింది. ఆ చేతి వంట ఊరంతటి పిల్లలకు పనికొచ్చింది, ఆమె పేరు మాత్రం పనికిరాకుండా పోయింది. ఈ ముక్కలన్నీ పెదనాన్నతో అనేశాను. ఆయన ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు అమ్మా నేనూ గద్వాల బస్సెక్కాం. దుకాణం మెట్ల మీద నిలబడి పెళ్లికొడుకు తల్లికి ఫోన్ చేశాను, అసలు సంగతి ఆమె నోటనే విందామని.

"మేమెందుకంటమమ్మా? వదినె పేరు లేకుంటెనే అందరడుగుతరు" అందావిడ.

నేను లోపలికి వెళ్లేసరికి అమ్మ దుకాణదారుకు చెప్పడం చివరికొచ్చింది.

"మదర్పిత అంటే ఏందన్నా?"

"నేనిచ్చే అని, అక్కా."

"గది ఉండనీ, పెద్దల నాటి మాట. దాని కింద నా మాట గూడ కొట్టు. నా బిడ్డ పెండ్లికి అందరు రావాలె, కడుపు నిండ తిని, పిల్లలను దీవించి పోవాలె."

"కార్డుల గట్ల రాయరక్కా."

"నేను గట్లనే పిలుస్త."

మిగతాది సరిచేయించావా అని అడిగితే తల ఊపింది. నేను మళ్లీ చూడలేదు.

కార్డులు తయారయ్యాక ఇద్దరం వెళ్లి తెచ్చుకున్నాం. అమ్మ కట్ట విప్పి, పై కార్డు మూలలకు పసుపు రాసింది. ఇంటికి పెద్ద కాబట్టి మొదట పెదనాన్నకే ఇవ్వాలంది. వెళ్లాం. ఆయన అరుగు మీద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అమ్మ తల మీద కొంగు కప్పుకుని, రెండు చేతులతో కార్డు అందించింది.

పెదనాన్న అద్దాలు పెట్టుకుని ఎడమ పక్క పైనుంచి కిందికి చదివాడు. మళ్లీ చదివాడు. నేను వంగి చూశాను. ఆహ్వానించువారు అన్నచోట అమ్మ పేరు ఒక్కటే ఉంది. మదర్పిత కింద అమ్మ చెప్పిన మాట, చెప్పింది చెప్పినట్టు.

"మా పేర్లేవి?" అన్నాడు. "పీటల మీద కూసునేది మేము గాదా?"

"మీరే బావా. మీరు లేకుంటె పెండ్లెట్లయితది?" అంది అమ్మ. చెయ్యి చాచి, ఆయనకు చదవడం రాని కుడి పక్కన వేలు పెట్టింది. "ఈడున్నయి. పేరైతే ఉంది గద బావా, ఏ పక్కనుంటే ఏంది?"