అయిదు నిమిషాల చిన్నమ్మ

బాన్సువాడలో చదువుకునే రోజుల్లో నేను మా చిన్నమ్మ ఇంట్లో ఉండేవాణ్ణి. ఆమె ఎక్కడికైనా సమయానికి చేరడం నేను చూడలేదు. తలకు తువ్వాలు చుట్టుకుని, నోట్లో దువ్వెన పెట్టుకుని, మంచం కింద చెప్పులు వెతుకుతూనే ఫోన్‌లో టైపు చేసేది: "బస్టాండ్ దాటిన. అయిదు నిమిషాలల్ల ఉంట."

ఒకరోజు సరిగ్గా ఆ క్షణంలో ఫోటో తీశాను. వెనకున్న మంచాన్ని చెరిపేసి, కింద ఆమె మాటే రాసి, స్టిక్కర్ చేసి మా చుట్టాల పిల్లల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఆ గ్రూపులో ఆమె లేదు. అక్కడి నుంచి అది ఎటెటు పోయిందో నాకు తెలియదు.

ఆ నెలలోనే బిచ్కుందలో చుట్టాల పెళ్లి. మేము చేరేసరికి తలంబ్రాలు అయిపోయాయి. జుక్కల్ నుంచి వచ్చిన ఆడవాళ్లు, మాకు ముక్కూమొహం తెలియనివాళ్లు, ఆమెను చూడగానే కేకేశారు.

"అగో, అయిదు నిమిషాలక్క వచ్చింది!"

ఫోన్ తీసి స్టిక్కర్ చూపించారు. నేను మెల్లగా చిన్నమ్మ వెనక్కి జరిగాను.

చిన్నమ్మ దాన్ని చాలాసేపు చూసింది. "గిది నువ్వే తీసినవ్ కదరా?" అంది. నేను అవునన్నాను.

"నేనైతే పెండ్లికి అందలే. నా మొహం చూడు, ఎప్పుడో జుక్కల్ దాంక పోయొచ్చింది!" అని, వాళ్ల మధ్య నిలబడి దర్జాగా ఫోటోలు దిగింది.

ఇప్పుడామె టైపు చేయదు. ఎక్కడున్నావని అడిగితే ఆ స్టిక్కరే పంపుతుంది. దాన్ని ఎందరో వాడుతుంటారు గానీ, సొంత మొహం పంపేది మా చిన్నమ్మ ఒక్కతే. అది రాగానే ఆమె కోసం ఎదురుచూస్తున్న మేం గర్వంగా ఇంకో చాయ్ చెబుతాం.