రెండు సెకన్ల సాయం

తెలంగాణ వచ్చి ఏడేళ్లు దాటిన ఎండాకాలంలో, కరెంటు శాఖలో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్న నన్ను నల్లగొండలో జూనియర్ లైన్‌మెన్ స్తంభం పరీక్షకు వేశారు. స్టాప్‌వాచీ నా చేతికిచ్చారు. సొంత మేనకోడలు అభ్యర్థుల వరుసలో నిలబడితే, ఒక్క మాటతో కుర్చీ దిగినవాణ్ని నేనని పదిచోట్ల చెప్పుకున్నాను. అందులో కొంత గాలి కబురే.

ఆ పరీక్షకు మార్కులుండవు. రాతపరీక్షలో ముందున్నవాళ్లను పిలుస్తారు. కరెంటు లేని ఎనిమిది మీటర్ల స్తంభాన్ని నిమిషంలోపు ఎక్కాలి. రెండు కాళ్లూ నేల వదిలినప్పుడు వాచీ నొక్కాలి, చెయ్యి పైగుర్తును తాకగానే ఆపాలి. తప్పితే, రాతలో మొదటి ర్యాంకైనా ఇంటికే.

మా ఆవిడ అన్న కూతురు స్వరూప మర్రిగూడ నుంచి ముందురోజు మధ్యాహ్నమే మా ఇంటికి వచ్చింది. మా ఆవిడ అన్నం వడ్డిస్తూ, "ఫికర్ చెయ్యకు బిడ్డా, గడియారం మీ మామ చేతులనే ఉంటది. పై సారు భార్య గూడ నాకెరుకే, జర చెప్తా" అంది.

"వద్దత్తమ్మా. రెండు నెలల సంది చేనుకాడి పాత స్తంభం ఎక్కి దిగుతున్న. నాకొస్తే వస్తది."

"ఒకటి రెండు సెకన్లు ఎవడు చూస్తడే?"

"రేపు గాలివానల తీగె తెగితే గా స్తంభమెక్కేది నేనే. అప్పుడు మామ కిందుంటడా?"

నేను చారు కలుపుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ ఒకటి రెండు సెకన్లకు అంతకుముందే మా ఆవిడతో సరేనన్నాను.

తెల్లారి సర్టిఫికెట్లు చూసేచోట స్వరూప ఏడీఈ గారికి, అంటే నా పై అధికారికి, కాగితం ఇచ్చింది. వాచీ పట్టినాయన తన మేనత్త భర్త అనీ, తనకు వేరేవాళ్లను పెట్టాలనీ రాసింది. ఆయన నన్ను పిలిచి కాగితం చూపించారు. వాచీ ఇంకొకరి చేతికి పోయింది. నేను దిగలేదు, దించారు.

స్వరూప ఎక్కింది. సగంలో కాలు జారింది. యాభై ఎనిమిదో సెకనుకు గుర్తు తాకింది. వీడియో ఉంది, సంతకాలున్నాయి, ఉద్యోగం వచ్చింది.

నాకు తెలిసిందల్లా ఇది: ఆ లెక్క నా వాచీలో నిజంగానే పడినా ఎవరూ నమ్మేవారు కాదు. చివరికి తనకూ అనుమానం మిగిలేది. మనవాళ్ల పరీక్షలో మనం చెయ్యగలిగిన సాయం పక్కకు జరగడమే.

ఇప్పుడు తిరుమలగిరిలో లైన్లు చూసుకుంటున్న స్వరూపకు ఇదంతా చదివి వినిపించాను.

"యాభై ఎనిమిది కాదు మామా, నలభై ఒకటి. కాలు గూడ జారలే. నువ్వే జార్చినవు."