ఆరులోంచి ఇరవై రెండు పోదు

“పదహారు గంటలు చేసినావని పుస్తకంలో ఉండాది. నన్నేం చెయ్యమంటావు?”

“పుస్తకం ఊక ఎత్తి పోసిందా సార్, నేను పోసినానా? రాత్రి పదింటికి వస్తా ఉండా, పొద్దున ఆరింటికి పోతా ఉండా. పదహారు యాడినుంచి వచ్చినాయి?”

“నీ నోటి లెక్క ఎవరిక్కావాల? ఇనస్పెక్టరొస్తే నీ నోరు చూస్తాడా, నా పుస్తకం చూస్తాడా?”

కిటికీకి అవతల గుమాస్తా, ఇవతల మా ఆయన. నేను కళ్ళంలో ఉడికిన వడ్లను కాళ్ళతో తిరగదోస్తున్నాను. మా ఆయన గొంతు అంతగా లేవడం నేనెప్పుడూ వినలేదు. పని వదిలి వెళ్తే మేస్త్రి కోప్పడతాడని తెలిసీ వెళ్ళాను.

అది నాయుడుపేట దగ్గర ఉప్పుడు బియ్యం మిల్లు. పగలు నానేసిన వడ్లను రాత్రంతా ఆవిరికి పెట్టి, తెల్లవారేసరికి కళ్ళంలో పోస్తారు. బాయిలర్‌లో ఊక వేసి మంట ఆరకుండా చూసే పని మా ఆయనది. ఆదివారం రాత్రి తప్ప వారానికి ఆరు రాత్రులూ వెళ్ళేవాడు. అంతకుముందు గంటల గొడవే లేదు. రాత్రికి వచ్చినవాడి పేరు పక్కన మేస్త్రి ఒక గీత గీసేవాడు. గీతకు ఒక కూలి, అంతే.

షావుకారుగారు కొత్త గుమాస్తాను పెట్టాక పద్ధతి మారింది. నెల్లూరులో పెద్ద చదువు చదివిన కుర్రవాడు. చేతిరాత ముత్యాలే. ఎవరు ఎన్నింటికి వచ్చారో, ఎన్నింటికి వెళ్ళారో రాయాలన్నాడు. పగలు రెండనీ రాత్రి రెండనీ తికమక ఉండకూడదని రైలు వాళ్ళ గంటలు రాయడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం రెండంటే పద్నాలుగు, రాత్రి పదంటే ఇరవై రెండు. పగటివాళ్ళకు అది చక్కగా కుదిరింది. పొద్దున ఆరుకు పని ఎక్కి పద్నాలుగుకు దిగితే, పద్నాలుగులోంచి ఆరు పోతే ఎనిమిది. మా ఆయన దగ్గరికి వచ్చేసరికి ఎక్కింది ఇరవై రెండు, దిగింది ఆరు అయింది.

“ఆరులోంచి ఇరవై రెండు పోదు,” అన్నాడు గుమాస్తా. “పోనప్పుడు ఏం చేస్తాం? పెద్దదాంట్లోంచి చిన్నది తీస్తాం. పదహారు. ఆరు రాత్రులకి తొంభై ఆరు. వారానికి నలభై ఎనిమిది దాటితే ఇనస్పెక్టరు మిల్లుకి తాళం వేస్తాడు. అందుకని నీకు మూడు రాత్రులే.”

నాకు రెండో తరగతితో చదువు ఆగిపోయింది. చిన్నదాంట్లోంచి పెద్దది పోదని అయ్యవారు బెత్తంతో చెప్పిన మాట ఒంటికి అంటుకునే ఉంది. గుమాస్తా అన్నది తప్పని నాకు తోచలేదు. మా ఆయన మీదికే తిరిగాను.

“చదువుకున్నోళ్ళతో నీకేంది వాదన? నోరు మూసుకోని రా.”

“నువ్వు కూడానా?” అన్నాడాయన. “నేను పొద్దున ఆరింటికి ఇంటికొస్తానా? మళ్ళీ పదింటికి గదా బయల్దేరేది. ఇంట్లో ఎన్ని గంటలుండానో లెక్కబెట్టు. అదే పదహారు! నేను నిద్రపోయినవి, బిడ్డలకి స్నానం పోసినవి, కట్టెలు కొట్టినవి, అన్నీ మిల్లులో చేసినట్టు రాసినాడీయన.”

కళ్ళంలో ఆడవాళ్ళు పనులాపి వింటున్నారు. వాళ్ళలో ఒకామె అరిచింది: “ఆ లెక్కన నా మొగుడికీ రాయండి సార్! వాడు పొద్దస్తమానం పడుకునే ఉంటాడు!”

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మిగతా మూడు రాత్రులు అప్పటికే వేరొకరికి ఇచ్చేశారు. మా పక్కింట్లో ఉండే, మిల్లులో మూటలు మోసే అతనికి. సోమ, మంగళవారాల రాత్రులు అతను చేశాడు, ఆ రాత్రి మూడోది. ఇంట్లో వండే బియ్యం ఆరు రాత్రుల కూలికి సరిపడా కొలిచి పెట్టుకున్నదాన్ని. అది మూడు రాత్రులకు కుదించాలంటే ఎవరి కంచంలోంచి తీయాలో నాకు తెలుసు. నా కంచంలోంచి మొదట, ఆ తర్వాత పిల్లల కంచాల్లోంచి.

గొడవ విని షావుకారుగారు లోపలినుంచి వచ్చారు. చెడ్డమనిషి కాదు, తాళమంటే భయం.

“ఎనిమిది గంటలే అయితే ఎనిమిదే రాయబ్బాయ్,” అన్నారు.

“ఊరికే ఎట్టా రాస్తానండీ? ఎక్కింది, దిగింది చూసి ఇనస్పెక్టరు తీసివేత వేస్తాడు. పోనీ పన్నెండు కొట్టగానే తేదీ మారుతుంది గదా అని రెండు ముక్కలు చేసి చూసినా. ఈ తేదీ కింద రెండు, రేపటి తేదీ కింద ఆరు. లెక్క కుదిరింది. శనివారం రాత్రి వచ్చేసరికి ఆదివారం కింద ఆరు గంటలు పడతా ఉండాయి. సెలవునాడు పని చేయించినామని దానికింకో తంటా.”

“తెల్లారేదాకా శనివారమే గదయ్యా!” అన్నాడు మా ఆయన. “పొద్దు పొడిస్తే గదా ఆదివారం?”

“అది మీ ఇంట్లో. తేదీ మారేది అర్ధరాత్రి.”

మా ఆయన తల దించుకున్నాడు. అలా దించుకోవడం చూశాక నాకు ఒళ్ళు మండింది. ఏం మాట్లాడుతున్నానో నాకే తెలియలేదు.

“రైలోళ్ళ గంటలు తెచ్చి మా నెత్తిన పెట్టినారే, రైళ్ళు రాత్రి పూట నడవవా? స్టేషన్‌లో రాత్రి డూటీ చేసేవోళ్ళు లేరా? వాళ్ళకీ పదహారే రాస్తా ఉండారేమో పోయి అడగరాదా!”

దెప్పాలనే అన్నాను. గుమాస్తా ముఖం ఎర్రబడింది. “ఏంది, ఆడదానికి...” అని ఏదో అనబోయాడు. షావుకారుగారు చెయ్యి అడ్డం పెట్టారు.

“సైకిలు తీసుకోని స్టేషన్‌కి పో. అడిగితే పోయేదేముండాది?”

ఆ పూట తేలలేదు. చీకటి పడ్డాక పక్కింటతను గుడ్డ తలకు చుట్టుకుని మిల్లుకు వెళ్ళాడు. అతని భార్య నన్ను చూసి, “అక్కా, నేను అడిగింది కాదు. వాళ్ళే పిలిచినారు,” అంది. నేను చేట తీసుకుని లోపలికి వెళ్ళాను. మా ఆయన ఆ రాత్రి ఇంట్లోనే ఉన్నాడు. రాత్రి నిద్ర అలవాటు తప్పిన మనిషి, పడుకోలేక అరుగుమీద కూర్చుని బీడీ వెంట బీడీ కాల్చాడు.

మర్నాడు పొద్దున నాతోపాటు తనూ మిల్లుకు వచ్చాడు. గుమాస్తా కిటికీ దగ్గర పుస్తకం తెరిచి పెట్టుకుని ఉన్నాడు. మమ్మల్ని చూసి తల ఎత్తకుండానే చెప్పాడు.

“స్టేషన్‌లో అడిగినా. దిగిన గంట ఎక్కిన గంటకన్నా చిన్నదైతే దానికి ఇరవై నాలుగు కలపాలంట. ఆరుకి కలిపితే ముప్పై. ముప్పైలోంచి ఇరవై రెండు పోతే ఎనిమిది. రాసేది డ్యూటీ ఎక్కిన తేదీ కిందే, రెండు ముక్కలు చెయ్యరంట. శనివారం రాత్రిది శనివారం కిందే.” ఎర్ర సిరాతో పదహార్లన్నీ కొట్టేసి పక్కన ఎనిమిదులు వేశాడు. “ఆరు రాత్రులూ రా.”

మా ఆయన దండం పెట్టాడు. అంతలో బాయిలర్ వైపు నుంచి పక్కింటతను ఒళ్ళంతా మసితో వచ్చాడు. గుమాస్తా అతనితో, “నువ్వింక మూటలకి పో,” అన్నాడు. మా ఆయన “తమ్ముడూ” అని పిలిచినా అతను ఆగలేదు. తొట్టి దగ్గర ముఖం కడుక్కుని, నిద్ర లేకుండానే పోయి మూటల వరసలో నిలబడ్డాడు.

నేను కళ్ళంలోకి దిగి, అతను రాత్రంతా మంట వేసి ఉడికించిన వడ్లను పరచడం మొదలుపెట్టాను.