బిడ్డకు నేనిచ్చిన ముక్కు

నా మనవరాలు సూరత్‌లో చీరల కేటలాగు బొమ్మలు చేసే ఆఫీసులో పనిచేస్తుంది. ఫొటోలోని మనిషికి కంప్యూటర్ చీర మార్చేటప్పుడు ఆ మనిషి రంగు, ముఖం కూడా మార్చేస్తుందా అని చూడటం ఆమె పని. ఒకరోజు ఆ కంప్యూటర్‌కు, చనిపోయిన వాళ్ళమ్మ ఫొటో ఇచ్చి, చీర ఒక్కటే మార్చమందట. ఇంటికొచ్చినప్పుడు అసలు ఫొటోనూ, కంప్యూటర్ చేసినవి మూడింటినీ ముఖాల వరకే కత్తిరించి నా ముందు పెట్టింది.

"అమ్మమ్మా, గిండ్ల మా అమ్మ ఏది?"

"కన్నదాన్ని, నాకేంది పరీక్ష?" అంటూ ఒకదాని మీద వేలు పెట్టాను.

"అది మిషన్ జేసింది. చెంప తెల్లగైంది, ముక్కు సన్నగైంది. అసలుది గిది."

ఇప్పుడు కళ్ళు మూస్తే ఆ తెల్లటి ముఖమే వస్తుంది. అప్పుడు నా వెడల్పాటి ముక్కు తడుముకుంటాను. నా బిడ్డదీ ఇదే ముక్కు.