మామయ్య ప్లగ్గు ముట్టుకోలేదు

మా మామయ్య బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యారు. ఇంజను ఊరికే తిరుగుతుంటే ఆయన ప్రాణం గిలగిల్లాడుతుంది. ఇంట్లోనూ అంతే. ఎవరూ లేని గదిలో ఫ్యాను తిరిగితే పరుగెత్తుకొచ్చి ఆపుతారు. పడుకునే ముందు ఇల్లంతా కలియదిరిగి స్విచ్చులన్నీ కట్టేసి, చివరికి తన సెల్‌ఫోను కూడా ఆపేస్తారు. మా అమ్మాయి ఆయనకు ‘ఆఫ్ తాత’ అని పేరు పెట్టింది. ఆ పేరంటే ఆయనకు లోపల్లోపల గర్వమే.

రోజూ రాత్రి పదికి రూటర్ ప్లగ్గు పీకడం కూడా ఆయన డ్యూటీనే. అత్తయ్యకు తుంటి ఆపరేషన్ అయ్యేదాకా ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఆపరేషన్ తర్వాత అత్తయ్య ఒంటరిగా లేవకూడదని డాక్టర్ గట్టిగా చెప్పాడు. ఆవిడ వింటే కదా! ఎవరినీ నిద్ర లేపడం ఇష్టం లేక గోడ పట్టుకుని బాత్రూముకు బయల్దేరేవారు. అందుకని పరుపు కింద పరిచే ఒక పట్టీ కొన్నాం. ఆవిడ లేవగానే గోడకు పెట్టిన చిన్న డబ్బా వైఫై మీదుగా నా ఫోనుకు కబురు పంపుతుంది. మా ఆయనది ఊళ్లు తిరిగే ఉద్యోగం, నాది బ్రెడ్ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు. మోత రాగానే నేను ఇంటి ల్యాండ్‌లైనుకు చేస్తే, దాని పక్కనే పడుకునే మామయ్య లేచి వెళ్లి ఆవిడను పట్టుకుంటారు. ఇదీ మా ఏర్పాటు.

“మామయ్యా, ఇక ఆ ప్లగ్గు జోలికి వెళ్లకండి” అన్నాను.

“వెళ్లనమ్మా” అన్నారు, పళ్లు పీకించుకున్నంత బాధగా.

మాట తప్పే మనిషి కాదు. అందుకే ఆ రాత్రి ఏం జరిగిందో నాకు వెంటనే తట్టలేదు.

అత్తయ్య రోజూ పదకొండు లోపల ఒకసారి లేస్తారు. ఆ రోజు ఎంతకీ మోత రాలేదు. హాయిగా పడుకున్నారులే అనుకుని రొట్టెలు సర్దుతూనే ఉన్నాను. మనసు మాత్రం ఊరుకోలేదు. చేతులు తుడుచుకుని యాప్ తెరిచాను. పట్టీ పేరు కింద ‘పది నుంచి ఆఫ్‌లైన్’ అని ఉంది. నా ఫోను సిమ్ డేటా మీద నడుస్తోంది కాబట్టి నాకు అన్నీ బాగానే ఉన్నట్టు కనిపించింది. కబురు పంపాల్సిన డబ్బా ఎప్పుడో మూగబోయింది.

ప్లగ్గు పీకేశారన్నమాట! పీకితే ల్యాండ్‌లైను కూడా పోతుంది, అదీ రూటర్‌కు తీగతో తగిలించిందే. ఆయన సెల్ స్విచ్చాఫ్. ఆశ లేకుండానే ల్యాండ్‌లైనుకు కొట్టాను.

మోగింది!

మోగుతూనే ఉంది.

“ఎవరూ?”

“మామయ్యా, అత్తయ్యను చూడండి! ముందు వెళ్లండి, తర్వాత మాట్లాడదాం!”

రిసీవర్ బల్ల మీద పడ్డ చప్పుడు. తర్వాత ఏమీ లేదు. సూపర్‌వైజర్ వచ్చి ఏదో అడిగాడు. ఏమన్నానో గుర్తు లేదు, కసిరే ఉంటాను.

చాలాసేపటికి మామయ్య గొంతు వినిపించింది. “బాత్రూము తలుపు పట్టుకుని నిలబడిపోయిందమ్మా. కాళ్లు ఆడటం లేదు. ఇంకాస్త ఆలస్యమైతే కూలబడేది. ఎత్తుకొచ్చి పడుకోబెట్టాను.”

“ప్లగ్గు పీకారా?”

“ఒట్టు, ముట్టుకోలేదు! నా సెల్‌లో రూటర్ యాప్ తెరిచి షెడ్యూలు పెట్టా. పది నుంచి ఐదు దాకా వైఫై బందు. పిల్ల ట్యాబ్లెట్ చూడకుండా నిద్రపోతుందని.”

“పట్టీ సంగతి?”

“మధ్యాహ్నం పెట్టగానే మీ అత్తయ్యను లేపి చూశా, నీకు మోత వచ్చిందన్నావు. ఆ డబ్బాకు కరెంటు ఉందిగా, దానికీ వైఫైకీ ఏం సంబంధం అనుకున్నా.”

మధ్యాహ్నం మోగక ఏం చేస్తుంది? షెడ్యూలు మొదలయ్యేది పదికి. అదే మాట అన్నాను. తీగ లేనివన్నీ ఆగిపోతాయని, తీగ ఉంది కాబట్టే ఫోను బతికిందని కూడా చెప్పాను. నా పెళ్లానికి నేనే బ్రేకు పీకానే అని ఆయన ఏడ్చారు. నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది. రూటర్ మీదున్న వైఫై బటన్ నొక్కమన్నాను. కాసేపటికి యాప్‌లో పట్టీ పేరు పచ్చబడింది.

మర్నాడు మొత్తం వైఫైకి పెట్టిన షెడ్యూలు తీసేసి, అమ్మాయి ట్యాబ్లెట్‌ ఒక్కదానికే పెట్టాం. అత్తయ్య ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆవిడే, “అంత ఇదిగా చూడకండి, పడలేదుగా” అన్నారు.

ఇప్పుడు నేను షిఫ్టులో ఉండగా, పది దాటగానే ఫోను మోగుతుంది. ఆ వెంటనే ల్యాండ్‌లైను నుంచి మామయ్య.

“నేనే లేపానమ్మా, కంగారుపడకు. వచ్చిందా?”

“వచ్చింది మామయ్యా.”

వెనక నుంచి అత్తయ్య విసుగు వినిపిస్తుంది. “ఇక నన్ను పడుకోనిస్తారా?”

ఆ విసుగు చెవిన పడ్డాకే నేను మళ్లీ రొట్టెల దగ్గరికి వెళ్తాను.