పేరు కత్తిరించిన మాత్ర

మా ఆవిడ పై పెదవి మీద గుండ్రటి నల్లమచ్చ లేచినప్పుడు గుడివాడ డాక్టరుగారు తలెత్తి సరిగా చూడను కూడా లేదు. "వేడి చేసిందండీ, మజ్జిగ తాగించండి" అని తర్వాతి పేషెంటును పిలిచారు. ఆ రోజు మంగళవారం. ఇలాంటివి నేను మర్చిపోను.

విరేచనాలకు ఆయన రాసిన మాత్ర వేసుకున్న మర్నాడే ఆ మచ్చ వచ్చింది. నాలుగు నెలలకు మళ్ళీ విరేచనాలు పట్టుకుంటే, మందుల షాపుకి వెళ్ళి "పోయినసారి ఇచ్చినవే ఇవ్వు" అన్నాను. తప్పు నాదే, ఒప్పుకుంటాను. ఇలా ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు. మాత్ర పడిన రెండు గంటలకే అదే చోట మంట, అదే మచ్చ. ఈసారి మణికట్టు మీద ఇంకోటి.

"ఏవండీ, మళ్ళీ ఎవరో ఒకరు అదే మాత్ర ఇస్తారు. దాని పేరేమిటో కనుక్కోండి ముందు" అంది ఆవిడ.

పేరు ఎక్కడుంది? చీటీ మొదటిసారే షాపులో ఉండిపోయింది. మన షాపుల్లో నాలుగు మాత్రలు కావాలంటే స్ట్రిప్పుని కత్తెరతో నాలుగు మాత్రల మేర కోసి ఇస్తారు. పేరున్న ముక్క వాళ్ళకి, వెనకాల ఎర్రగీత తప్ప ఏమీ లేని ముక్క మనకి.

బందరు ఆసుపత్రిలో చర్మం డాక్టరుగారు మచ్చ చూడగానే "ఇది మందు వల్ల వచ్చిందే" అన్నారు. పై అంతస్తులో మందుల దుష్ప్రభావాలు నమోదు చేసుకునే గది ఉందని పంపారు. నేను పదకొండు పేజీల ఫిర్యాదుతో మెట్లెక్కాను. అక్కడ ఒక అమ్మాయి, మందుల విభాగం డాక్టరు, కుర్చీ చూపించింది.

"ఎవరి మీదండీ ఇది?"

"డాక్టరు మీద, షాపువాడి మీద, కంపెనీ మీద."

"ఇక్కడ మనుషుల మీద రాయమండీ. మందు గురించి రాస్తాం. ఎవరికీ శిక్ష ఉండదు. మీ ఆవిడ పూర్తి పేరు కూడా అక్కర్లేదు, పొడి అక్షరాలు చాలు."

నీరసం వచ్చింది. "మరి రుజువు?"

"రుజువు అక్కర్లేదు సార్. అనుమానం చాలు."

అరవై మూడేళ్ళ జీవితంలో నా అనుమానానికి మర్యాద చేసిన గది అదొక్కటే.

చిన్న దురదైనా, అందరికీ తెలిసిన దుష్ప్రభావమైనా, టీకా వల్లయినా, నాటుమందు వల్లయినా రాయొచ్చట. డాక్టరు, నర్సు, ఫార్మసిస్టు, మందు వాడినవాళ్ళు, వాళ్ళ ఇంటివాళ్ళు, ఎవరైనా రాయొచ్చు. ఫారం తెలుగులోనే ఉంది. ఎవరికి, ఏమైంది, ఏ మందు మీద అనుమానం, చెబుతున్నది ఎవరు. ఈ నాలుగూ ఉండాలి. మూడో గడి దగ్గర నా కలం ఆగింది.

"మందు పేరు లేకపోతే దీన్ని లెక్కలోకి తీసుకోలేమండీ" అంది.

అంటే షాపువాడి దగ్గరికి వెళ్ళాలి. గడువు దాటిన గ్లూకోజు డబ్బా అంటగట్టాడని ఏడేళ్ళ కిందట వాడి మీద పైఅధికారులకు రాసింది నేనే.

"ఏం మాస్టారూ, ఈసారి ఏ డబ్బా?" అన్నాడు, నలుగురిలో.

"నీ మీద కాదయ్యా. నీ పేరు కూడా ఎక్కడా రాయరు."

"మీరేనా మాట్లాడేది? ఒంట్లో బాగానే ఉందా?" షాపంతా నవ్వింది. ఆ నవ్విన వాళ్ళు ఎవరెవరో నాకు తెలుసు.

మా ఆవిడ మణికట్టు ఫోటో చూపించాను. నవ్వు ఆపాడు. చీటీల కట్ట వెతికి, అలమారలోంచి స్ట్రిప్పు తీశాడు. ఒకే మాత్రలో ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్, రెండు మందులు. "నందివాడ నుంచి వచ్చే ఒకాయనకీ చేతి మీద ఇలాంటి మచ్చే వచ్చింది మాస్టారూ. నేనూ రాయొచ్చా?" అన్నాడు. రాయొచ్చన్నాను. రాశాడో లేదో తెలియదు. తెలిసేదాకా అనుమానిస్తాను.

మర్నాడు మా ఆవిడని వెంటబెట్టుకుని బందరు వెళ్తే ఫారం నిండింది. మాకు కోసిచ్చిన స్ట్రిప్పులో మిగతా ముక్క ఎప్పుడో అమ్ముడైపోయింది కాబట్టి బ్యాచి నంబరు ఖాళీ. ఫరవాలేదంది ఆ అమ్మాయి. రెండుసార్లు వేసుకుంటే రెండుసార్లూ అదే చోట రావడమే గట్టి ఆధారమట. అయినా మూడోసారి వేసి చూడొద్దని గట్టిగా చెప్పింది.

"ఇక ఆ మందు ఆపేస్తారా?"

"ఒక్క రిపోర్టుతో కాదండీ. మేం పరిశీలించి జాతీయ కేంద్రానికి పంపుతాం. అక్కణ్ణుంచి ప్రపంచమంతటి రిపోర్టుల్లో కలుస్తుంది. ఇలాంటివి ఎక్కువగా కనబడితే నిపుణులు చూస్తారు. అవసరమైతే డాక్టర్లని హెచ్చరిస్తారు, మందుతో పాటు వచ్చే కాగితంలో రాయిస్తారు. ఆపేయడం చాలా అరుదు."

"మరి నా పదకొండు పేజీలు?"

"మీ దగ్గరే ఉంచుకోండి సార్" అని, మా ఆవిడ చేతిలో ఒక చిన్న కార్డు పెట్టింది. రెండు మందుల్లో ఏది చేసిందో తేలదు కాబట్టి ఈవిడకి పడవని రెండింటి పేర్లూ రాసింది. ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా ముందు అది చూపించమంది.

వానలు మొదలయ్యాక మళ్ళీ విరేచనాలు. మళ్ళీ అదే గుడివాడ డాక్టరుగారు, అదే వేగం. చీటీ మీద రెండో లైను రాస్తుండగా మా ఆవిడ కార్డు తీసి ఆ చీటీ మీదే పెట్టింది. ఆయన చదివారు. పెదవి వైపు చూశారు, మొదటిసారి. రాసింది కొట్టేసి, వేరే మందు రాసి, ఆవిడ ఫైలు అట్ట మీద ఎర్ర ఇంకుతో ఆ రెండు పేర్లూ ఎక్కించారు. సారీ మాత్రం చెప్పలేదు.

మర్నాడు పొద్దున ఆవిడ అద్దం ముందు నిలబడి పెదవి తడుముకుంది. పాత మచ్చ గోధుమరంగులో అలాగే ఉంది. మంట లేదు, కొత్తది లేదు. "ఇక చాల్లెండి, ఆ డాక్టరుగారిని వదిలేయండి" అంది.

మా ఆవిడైతే వదిలేసింది.